‘అజాగ్రత్త’ అని రాసి ఫైలు మూసేయకండి: రొయ్యల గుంటల ప్రమాద రిపోర్టులు రాసేవారికి బహిరంగ లేఖ

నెల్లూరు జిల్లా తీర మండలాల ఆక్వా రైతు సంఘాల పెద్దలకు, గుంటల మీద ప్రమాదం జరిగితే విచారణ రిపోర్టు రాసే సూపర్‌వైజర్లకు, మేనేజర్లకు నమస్కారం.

ఇందుకూరుపేట, తోటపల్లి గూడూరు, విడవలూరు వైపు గుంటల మీద కరెంటు పని చేసుకుని బతికేవాణ్ణి నేను. స్టార్టర్లు, గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లు, జనరేటర్ చేంజోవర్లు, ఇదే నా పని. 21 ఏళ్లుగా చేస్తున్నాను. రిపోర్టులు రాయడం నా పని కాదు. కానీ పోయిన కార్తీకంలో ఒక గుంట మీద ఒక కుర్రాడికి షాక్ కొడితే రాసిన రిపోర్టు నా చేతికి వచ్చింది. అరపేజీ కూడా లేదు. అది చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఆ యాజమాన్యం పేరు గానీ, ఊరు పేరు గానీ ఇక్కడ చెప్పను. అలాంటి రిపోర్టు మీలో చాలామంది దగ్గరే దొరుకుతుంది.

అందులో ఉన్నది ఇదీ: ‘‘రాత్రి డ్యూటీలో ఉన్న కార్మికుడు సూచనలను ఉల్లంఘించి, మెయిన్ స్విచ్ ఆపకుండా, అజాగ్రత్తగా నీటిలోకి దిగి ఏరియేటర్‌ను పట్టుకున్నందున ప్రమాదం జరిగింది. ఇకపై కార్మికులు జాగ్రత్తగా ఉండాలని హెచ్చరించడమైనది.’’

ఇందులో అబద్ధం లేదు. వాడు స్విచ్ ఆపలేదు, నీళ్లలోకి దిగాడు, ఏరియేటర్‌ను పట్టుకున్నాడు. కుడి అరచెయ్యి కాలింది. రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. షాక్ కొట్టిన విసురుకి చెయ్యి విడిపోయి వెనక్కి పడ్డాడు కాబట్టి బతికాడు. పక్క గుంట కాపలాదారు ఈ కుర్రాడి టార్చ్ వెలుగు ఆరిపోవడం చూసి పరిగెత్తుకొచ్చి, మెయిన్ ఆపి, వాణ్ణి గట్టు మీదికి లాగాడు.

మర్నాడు పొద్దున 6 గంటలకి యజమాని నాకు ఫోన్ చేశాడు. ‘‘అబ్బయ్యా, తొందరగా రా, నాలుగు ఏరియేటర్లు ఆగిపోయి ఉన్నాయి’’ అన్నాడు. వెళ్లి పని చేసేశాను. రిపోర్టు రాసే ఆయన వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి కొత్త కేబుల్ వేసి, మోటారు తిరిగించి, నేను వెళ్లిపోయాను. ఆయన చూసింది బాగా తిరుగుతున్న ఏరియేటర్‌ని. ఆయన్ని తప్పు పట్టలేను. అక్కడ చూడ్డానికి ఏమీ మిగల్లేదు. విప్పిన టెర్మినల్ బాక్స్, పాత కేబుల్ ముక్క మాత్రం నా షాపులో ఉన్నాయి. విప్పేముందు ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకున్నాను. అవి చూస్తూ వెనక్కి వెళ్తే కథ ఇలా నడిచింది.

ఆ ఏరియేటర్‌ని గుంటలో నిలబెట్టేది రెండు సరుగుడు కర్రలు, ఒక ప్లాస్టిక్ తాడు. ఒక కర్ర నీటిమట్టం దగ్గర కుళ్లిపోయి ఉంది. రెండు రోజులుగా వాన, గాలి. రాత్రి మూడున్నర ప్రాంతంలో ఆ కర్ర విరిగింది. ఏరియేటర్ ఒక కొస మీద తిరుగుతూ గట్టువైపు కొట్టుకొచ్చింది. దాని వెంట కేబుల్ బిగుసుకుపోయింది. కేబుల్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే క్లాంపు లేదు. టెర్మినల్ బాక్స్‌లోకి వెళ్లే చోట కేబుల్‌ని బిగించి పట్టే గ్లాండ్ కూడా లేదు, రంధ్రంలో గుడ్డపేలిక కుక్కి ఉంది. లాగుడు మొత్తం లోపలి స్క్రూల మీద పడింది. ఒక ఫేజ్ తీగ ఊడొచ్చి బాక్స్ గోడకి తగిలింది. అక్కడ నల్లగా కాలిన మచ్చ, దాని పక్కనే కొత్తగా మెరిసే గీత ఫొటోలో కనిపిస్తాయి. మచ్చ మీద ఉప్పు పేరుకోలేదు కాబట్టి అది ఆ రాత్రిదే.

ఇప్పుడు మోటారు బాడీ మీద భూమికి 230 వోల్టులు ఉన్నాయి. అయినా మోటారు ఆగలేదు. ఫ్యూజు పోలేదు, బ్రేకర్ పడలేదు. ఎందుకంటే ఏరియేటర్ నిలబడేది ప్లాస్టిక్ ఫ్లోట్ల మీద, నీళ్లలో మునిగేవి ప్లాస్టిక్ రెక్కలు, ఇరుసు నీటికి పైన ఉంటుంది. ఆ కేబుల్‌లో ఉన్నవి మూడు కోర్లే, మూడు ఫేజులకి మూడు. మోటారు తిరగడానికి అవి చాలు. నాలుగోది, అంటే ఎర్త్ తీగ, లేకపోతే మోటారుకి తెలియదు, యజమానికీ తెలియదు. కరెంటు బాడీ మీదికి వచ్చి, ఎక్కడికీ పోయే దారి లేక అలాగే కూర్చుంది. నడుము లోతు ఉప్పునీళ్లలో నిలబడి ఫ్రేము పట్టుకున్న మనిషి దానికి మొదటి దారి అయ్యాడు.

వాడు దిగింది ఎందుకు? ఏరియేటర్ గట్టుకి కొట్టుకుంటే రెక్కలు విరుగుతాయి, కేబుల్ తెగుతుంది. కాబట్టి లాగి, తాడు మళ్లీ కట్టాలి. ఆపి ఎందుకు దిగలేదు? ఈ ప్రశ్న రిపోర్టులో లేదు. నేను ఆసుపత్రిలో అడిగాను. వాడన్నది: ‘‘అన్నా, అది ఒక్కటే ఆపడానికి స్విచ్ ఎక్కడుంది? ఆపితే నాలుగూ ఆగిపోతాయి. సారు 3 గంటలకి ఫోన్ చేసి డీవో 3.4 ఉంది, ఏరియేటర్లు ఒక్క నిమిషం ఆపొద్దు, రొయ్య తేలుతుంది అన్నాడు.’’

డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, లీటరుకి 4 మిల్లీగ్రాములకి తగ్గకుండా చూసుకోవాలని మనందరికీ తెలుసు. తెల్లవారుజామునే అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన నాచు రాత్రంతా దాన్నే పీల్చుకుంటుంది. రెండు రోజులు ఎండ లేకపోతే పగలు ఇచ్చేదీ తగ్గుతుంది. కాబట్టి వాడికి వచ్చిన ఫోన్‌లో తప్పు లేదు. 3.4 దగ్గర ఏ సూపర్‌వైజరైనా అదే చెబుతాడు. ఆ గుంటలో ఎనిమిది ఏరియేటర్లకి రెండు స్టార్టర్లు, నాలుగేసి ఒక్కోదానికి. స్టార్టర్లు షెడ్డులో ఉన్నాయి. నేను అడుగులేసి చూశాను, ఆ మూల నుంచి 110 అడుగుల నడక, వానకి జారే గట్టు మీద, చీకట్లో. షెడ్డు ముందున్న ట్యూబ్‌లైటు వెలుగు సగం దూరం కూడా రాదు. మనిషి ఒక్కడే.

ఆ షెడ్డు గోడ మీద రెండు బోర్డులున్నాయి. ఒకటి: ‘మోటారు ముట్టుకునే ముందు స్విచ్ ఆపవలెను’. రెండోది, దానికి జానెడు పక్కన, ఇంకా పెద్ద అక్షరాలతో: ‘రాత్రివేళ ఏరియేటర్లు ఆపరాదు’. వాడు మొదటి బోర్డును ఉల్లంఘించాడని రిపోర్టు చెప్పింది. రెండో బోర్డును పాటించాడని చెప్పలేదు.

‘ఉల్లంఘించి’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ప్రమాదాల నష్టపరిహారానికి 1923 చట్టం నుంచి వస్తున్న ఒక నిబంధన ఉంది. చావు గానీ, శాశ్వతమైన పూర్తి వైకల్యం గానీ కాని గాయాల్లో, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కార్మికుడు కావాలని ధిక్కరించడం వల్లే ప్రమాదం జరిగిందని తేలితే, యజమాని పరిహారం ఇవ్వక్కర్లేదు. రెండు వేళ్లు ముడుచుకోని కుర్రాడు సరిగ్గా ఆ గీత మీద నిలబడ్డాడు. రాసిన ఆయన ఇంత ఆలోచించి రాశాడని నేను అనుకోను, అలవాటుగా రాశాడు. కానీ అలవాటుగా రాసిన ఒక్క మాట ఒక ఇంటి అన్నం లాగేసే చోట ఉంది. ఆపడానికి వీలుండి, ఆపమన్న మాట ఒక్కటే ఉండి, అయినా మొండికేస్తే అది ధిక్కారం. రెండు ఆదేశాల మధ్య ఇరుక్కున్నవాడిది ధిక్కారం ఎలా అవుతుంది?

ఇక నా సంగతి. ఆ గుంట మీద రెండేళ్ల క్రితం ఆర్‌సీసీబీ ఉండేది. మనిషి గుండా కరెంటు భూమిలోకి పోతుంటే పసిగట్టి, కన్ను మూసి తెరిచేలోపు లైన్ కట్ చేసే పరికరం అది. 30 మిల్లీ ఆంపియర్లది. దాన్ని బైపాస్ చేసింది నేనే.

రిపోర్టులో నా పేరు లేదు. నన్ను ఎవరూ అడగలేదు కూడా. అడిగి ఉంటే ‘ఎలక్ట్రీషియన్ అజాగ్రత్త’ అని ఇంకో వాక్యం కలిసేది. ఆ వాక్యం కూడా మొదటిదానిలాగే పనికిరానిది అయ్యేది. తప్పించుకోవడానికి చెప్పడం లేదు. ఎందుకు తీశానో రాయకపోతే రేపు నా స్థానంలో వచ్చే ఇంకొకడూ తీస్తాడు. ఆ ఆర్‌సీసీబీ వారానికి రెండు మూడు రాత్రులు ఊరికే పడిపోయేది. పడితే ఎనిమిది ఏరియేటర్లూ ఒకేసారి ఆగిపోయేవి. కాపలావాడు నిద్రపోతే ఆ పంట పోయినట్టే. లీకేజీ క్లాంపు పెట్టి చూశాను, మొత్తం 22 మిల్లీ ఆంపియర్లు లీకవుతోంది. ఏ ఒక్క ఏరియేటర్ దగ్గరా 5 దాటలేదు. టేపు చుట్టిన జాయింట్లు ఉప్పుగాలికి తడిసి తలా కొంచెం వదులుతున్నాయి. 30 అని రాసి ఉన్న ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడిపోవచ్చు, దాని తయారీయే అంత. అంటే పరికరం చెడిపోలేదు, కార్మికుడూ చెడగొట్టలేదు. ఎనిమిదింటికీ కలిపి ఒక్కటే పెట్టడం వల్ల అది రోజూ అంచు మీదే ఉండేది. యజమాని ‘‘ఇది ఉంటే రొయ్య పోయేటట్టుంది, తీసెయ్’’ అన్నాడు. నేను తీసేశాను. ఎనిమిదింటిని విడగొట్టి రెండేసికి ఒకటి పెడదామని అప్పుడు నాకు తట్టలేదు. తట్టినా ఖర్చు మాట చెప్పడానికి మొహమాటపడేవాణ్ణేమో.

నేను అడిగేది ఇదే. విచారణ మనిషి దగ్గర ఆగిపోతే ఎంత నష్టమో, పరికరం దగ్గర ఆగిపోయినా, వాతావరణం దగ్గర ఆగిపోయినా అంతే నష్టం. ‘కేబుల్ పాతబడినందున’ అని రాస్తే కొత్త కేబుల్ కొంటారు, మళ్లీ మూడు కోర్లదే. ‘భారీ వర్షం, గాలి కారణంగా’ అని రాస్తే అంతా దేవుడి మీద వేసి చేతులు దులుపుకుంటారు. మన జిల్లాకి వానలు ఎక్కువగా కురిసేదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఏటా వచ్చే వానని అనుకోని కారణంగా రాయడమేమిటి? అజాగ్రత్త, పాతది, వాన: మూడూ వాక్యానికి ముందే ఫుల్‌స్టాప్ పెట్టే మాటలు.

అదే సంగతిని ఇలా రాయొచ్చు. మనిషి గురించి: ‘‘ఏరియేటర్ తిరుగుతుండగానే కార్మికుడు నీటిలోకి దిగి ఫ్రేము పట్టుకున్నాడు. ఒక్క ఏరియేటర్‌ను ఆపే స్విచ్ లేదు. ఆపితే నాలుగు ఆగుతాయి. డీవో 3.4 ఉన్నందున ఆపవద్దని 3 గంటలకు ఫోన్‌లో చెప్పారు. గోడ మీది రెండు సూచనలు ఒకదానికొకటి విరుద్ధం.’’ వాడు చేసినది దాచలేదు చూడండి, మొదటి వాక్యమే అది. దాని వెనకున్నది కూడా రాశాం, అంతే. పరికరం గురించి: ‘‘కేబుల్‌కు క్లాంపు, గ్లాండ్ లేనందున లాగుడుకు ఫేజ్ తీగ ఊడి బాడీకి తగిలింది. కేబుల్‌లో ఎర్త్ కోర్ లేదు. ఎనిమిదింటికి ఒకే ఆర్‌సీసీబీ ఉండి తరచూ పడిపోతున్నందున రెండేళ్ల క్రితం బైపాస్ చేశారు.’’ చుట్టూ ఉన్న పరిస్థితి గురించి: ‘‘నీటిమట్టం దగ్గర కుళ్లిన కర్ర గాలికి విరిగింది. కర్రలను వానల ముందు చూసే పద్ధతి లేదు. రెండు రోజుల మబ్బు వల్ల డీవో తగ్గింది. ఆ మూలకు వెలుతురు లేదు. రాత్రి ఒక్క మనిషే ఉన్నాడు.’’

ఒక్కో వాక్యం ఏది ఉండటం వల్ల ఏది జరిగిందో చెబుతోంది. తిట్టు లేదు, ‘సరిగా లేదు’ వంటి గాలిమాట లేదు. ప్రతి వాక్యం పక్కన దాన్ని ఎలా కనుక్కున్నామో రాసుకోవచ్చు: ఫొటో, మీటరు రీడింగు, ఫోన్‌లో కాల్ టైము, మనిషి చెప్పిన మాట.

అలాగని కనబడిందల్లా రాయకూడదు. ఆ షెడ్డులో స్టార్టర్ పెట్టె తుప్పు పట్టి, తలుపు ఊడి, చూడ్డానికి భయంకరంగా ఉంది. ఫొటో తీస్తే అదే ముందు కనిపిస్తుంది. కానీ అది కొత్తదైనా ఆ రాత్రి జరిగింది జరిగేదే. అది వేరే కాగితం మీద రాసి బాగు చేయించాలి, ఈ ప్రమాదానికి కారణంగా కాదు. చేతికి గ్లౌజులు వేసుకోలేదని కూడా ఎవరో అన్నారు. ఆ గుంట మీద కరెంటు గ్లౌజులు ఎవరికీ ఇవ్వలేదు, వేసుకోమని చెప్పలేదు. ఇవ్వనిది వేసుకోలేదని వాడి ఖాతాలో రాయలేం. నేను వేసే ప్రశ్న ఒక్కటే: ఇది ఇలా లేకపోతే ఆ రాత్రి వాడికి షాక్ కొట్టేదా, కొట్టినా ఇంత గాయమయ్యేదా? ‘కొట్టేదే’ అంటే దాన్ని పక్కన పెట్టేస్తాను. మనిషి విషయంలో ఇంకో ప్రశ్న ఉంది: వాడి చోట ఇంకో బుద్ధిమంతుడైన కాపలావాణ్ణి పెడితే, అదే ఫోన్, అదే చీకటి, అదే స్టార్టర్‌తో వాడేం చేసేవాడు? నేను ఐదారుగురు కాపలాదారులని అడిగాను. అందరూ దిగేవాళ్లమనే అన్నారు. ఒకాయన అయితే, ‘‘ఆపి దిగితే పొద్దున జీతం లెక్క చూస్తారు సామీ’’ అన్నాడు.

కారణం ఎంత కచ్చితంగా రాస్తే మరమ్మతు అంత కచ్చితంగా వస్తుంది. ‘ఎర్త్ లేదు’ అని రెండు మాటల్లో రాస్తే ఏమవుతుందో లెక్క చూపిస్తాను. యజమాని వెంటనే గట్టు మీద పైపు దింపి నాలుగు కోర్ల కేబుల్ వేస్తాడు. మంచిదే. ఆ పైపు నిరోధం 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ 5 ఓములు అనుకోండి. ఫేజ్ బాడీకి తగిలితే 230ని 15తో భాగించాలి, సుమారు 15 ఆంపియర్లు పారుతుంది. అక్కడున్న బ్రేకర్ 32 ఆంపియర్లది, అది కదలదు. బాడీ మీద ఇంకా 150 వోల్టుల దాకా ఉంటుంది. ఎర్త్ వేశామన్న ధైర్యంతో మనిషి మళ్లీ పట్టుకుంటాడు. అదే ఆర్‌సీసీబీ ఉంటే ఎర్త్‌లోకి ఆ 15 ఆంపియర్లు పారిన క్షణమే లైన్ పడిపోతుంది, మనిషి దిగకముందే. ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ కలిస్తేనే పని. కాబట్టి కారణాల్లో రెండూ రాయాలి, రెండోది ఎందుకు తీసేశారో కూడా రాయాలి.

ఆ ఎందుకు అన్నది రాస్తేనే అసలు మందు దొరికింది. రెండేసి ఏరియేటర్లకి ఒక ఆర్‌సీసీబీ పెడితే ఒక్కోదాని మీద లీకేజీ 10 దాటదు, ఊరికే పడదు. నిజంగా షార్టయితే రెండే ఆగుతాయి, ఆరు తిరుగుతుంటాయి, డీవో పడిపోదు. ఏది పడినా మోగేలా ఒక హూటర్. ఒక్కో ఏరియేటర్‌కి గట్టు మీదే, చెయ్యి అందే ఎత్తులో, నీళ్లు పోని పెట్టెలో ఒక స్విచ్. అప్పుడు ‘ఆపి ముట్టుకో’ అన్న మాటకి అర్థం ఉంటుంది, రెండో బోర్డుతో తగాదా ఉండదు. పోయిన నెల ఇంకో రైతు గుంటలో ఇలాగే చేశాను. ఇప్పటికి రెండుసార్లు ఒక జత పడిపోయింది, రెండుసార్లూ తడిసిన జాయింటే. కాపలావాడు ఆ జతని ఆపి పెట్టి, పొద్దున నాకు ఫోన్ చేశాడు. ఇది అన్నిటికీ మందు కాదు. జాయింట్లు ఉప్పునీటి గాలికి తడుస్తూనే ఉంటాయి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నెలకోసారైనా నొక్కి చూడకపోతే అదీ ఒక రోజు బిగుసుకుపోతుంది.

మీ సంఘాల్ని నేను కోరేవి పెద్దవేమీ కావు. ప్రమాదం జరిగిన ఏరియేటర్‌ని మాలాంటి వాళ్లు విప్పేముందు ఫొటోలు తీయనివ్వండి, విప్పిన సామాను పారేయొద్దని చెప్పండి. రొయ్య ఆగదు కాబట్టి మరమ్మతు ఆపమని అడగను. స్పేర్ ఏరియేటర్ దింపి, దెబ్బతిన్నదాన్ని గట్టు మీద అలాగే ఉంచితే చాలు. గాయపడిన మనిషితోను, చివరగా ఆ లైన్ మీద పనిచేసిన ఎలక్ట్రీషియన్‌తోను మాట్లాడకుండా రిపోర్టు సంతకం పెట్టొద్దు. మాట్లాడేటప్పుడు ‘ఎందుకు ఆపలేదు’ అని కాకుండా ‘ఆపాలంటే ఏం చేయాల్సి వచ్చేది’ అని అడగండి. మొదటిదానికి తల దించుకుంటాడు, రెండోదానికి 110 అడుగుల సంగతి చెబుతాడు. షార్ట్ ఎప్పుడు మొదలైందో తెలియకపోతే తెలియలేదనే రాయండి, ఖాళీని అజాగ్రత్తతో నింపకండి.

ఆ కుర్రాడి రిపోర్టుని తిరిగి రాయమని యాజమాన్యాన్ని వేరుగా అడిగాను. నేను బైపాస్ చేసిన సంగతి సంతకం పెట్టి ఇస్తానని చెప్పాను. ఇంకా జవాబు రాలేదు. టెర్మినల్ బాక్స్, మూడు కోర్ల కేబుల్ ముక్క, ఫొటోలు షాపులోనే ఉన్నాయి. విచారణ రాసేవాళ్లు ఎవరొచ్చినా చూపిస్తాను. పొద్దున 10 లోపు రండి, ఆ తర్వాత గుంటల మీద ఉంటాను.

ఇట్లు,
ఒక గుంటల ఎలక్ట్రీషియన్,
నెల్లూరు జిల్లా